సిగ్నల్ ఫుల్లుగా ఉన్నా పరీక్ష ఎందుకు తెగిపోయింది

"మంచి ఇంటర్నెట్ ఏర్పాటు చేసుకోవలసిన బాధ్యత అభ్యర్థిదే. కనెక్షన్ పదేపదే పోతే పరీక్ష వదిలి వెళ్లినట్టు పరిగణిస్తాం." మా అక్క కూతురి ఆన్‌లైన్ పరీక్షకి వచ్చిన సూచనల్లో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కనే ఉన్నాయి. మొదటి వాక్యంతో నాకు పేచీ లేదు. రెండోదాన్ని మాత్రం నేను ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో చెప్పాలంటే పాప ఫోన్‌లో ఏం జరిగిందో మొత్తం చెప్పాలి. నేను పనిచేసేది నెట్‌వర్క్ సపోర్ట్‌లో కాబట్టి కాస్త లోతుగానే చెబుతాను.

పాప తిరుపతిలో కొర్లగుంటలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి గది తీసుకుని డిగ్రీ చదువుతోంది. దానితో పాటు ఒక డిప్లొమా కూడా చేస్తోంది. ఆ డిప్లొమా పరీక్షలు ఇంటి నుంచి ఫోన్‌లోనే రాయాలి. గంటన్నర పరీక్ష. మొదట ఆబ్జెక్టివ్ ప్రశ్నలు, యాప్‌లోనే టిక్ పెట్టేయొచ్చు. తర్వాత మూడు పెద్ద ప్రశ్నలు. వాటికి జవాబులు తెల్లకాగితం మీద రాసి, స్కానర్ యాప్‌తో పేజీలు ఫోటో తీసి, పీడీఎఫ్ చేసి, తిరిగి పరీక్ష యాప్‌లోకి వచ్చి అప్‌లోడ్ చేయాలి. స్కానర్ యాప్ వాడమని చెప్పింది కాలేజీయే, సూచనల్లోనే ఉంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మొదటి పేపర్ అయిన రోజు మధ్యాహ్నం పాప ఏడుస్తూ ఫోన్ చేసింది. "పిన్నీ, సిగ్నల్ ఫుల్లుగా ఉండాది. అయినా కట్ అయిపోతానే ఉండాది. మూడో ఆన్సర్ పోనేలేదు."

అప్పటికి వాళ్లు చేయని ప్రయత్నం లేదు. ప్రాక్టీస్ టెస్టులో ఒకసారి కట్ అయినప్పుడే సిమ్ తీసి పెట్టారు, ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేశారు, మేడ మీదికెళ్లి కూర్చున్నారు. స్పీడ్ టెస్ట్ పెడితే మంచి స్పీడే వచ్చింది. ఇంటి ఓనరమ్మ ఫోన్‌లో వేరే కంపెనీ సిమ్ ఉంటే ఆమెను అడిగి హాట్‌స్పాట్ కూడా తీసుకున్నారు. దాంట్లోనూ కట్ అయింది. దాంతో "ఈ వీధిలో ఏ నెట్‌వర్కూ సరిగా లేదు" అని అందరూ తేల్చేశారు. దానికి తోడు, అంతకుముందు ఆదివారం మా ఇంటికొచ్చి బ్రాడ్‌బ్యాండ్ వైఫై మీద ప్రాక్టీస్ టెస్ట్ రాస్తే ఒక్కసారి కూడా తెగలేదు. కాబట్టి తప్పు కొర్లగుంట సిగ్నల్‌దే అన్న మాట ఇంకా గట్టిపడింది.

సిగ్నల్ మీద అనుమానం రావడం సహజమే. కానీ రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, రెండు వేర్వేరు ఫోన్ల సిగ్నల్, రెండింట్లోనూ ఒకే రకంగా తెగడం నాకు నమ్మశక్యంగా అనిపించలేదు. సాయంత్రం బండి వేసుకుని వెళ్లాను.

తెగిన ప్రతిసారీ చేతిలో ఏముంది

ముందు ఫోన్ చూడలేదు. పాపని కూర్చోబెట్టి, పొద్దున జరిగింది టైముతో సహా చెప్పించాను. స్కాన్ చేసిన పీడీఎఫ్‌ల మీద టైము ఉంటుంది, మళ్లీ లాగిన్ అయినప్పుడల్లా వచ్చిన ఓటీపీ మెసేజీల మీద టైము ఉంటుంది. కాబట్టి ఇది జ్ఞాపకం మీద ఆధారపడిన లెక్క కాదు.

పరీక్ష పది గంటలకి మొదలైంది. ఆబ్జెక్టివ్ భాగం పది ఇరవై అయిదు దాకా. ఆ ఇరవై అయిదు నిమిషాల్లో ఒక్కసారి కూడా తెగలేదు. మొదటి పెద్ద జవాబు ఒక్క పేజీ. 10:41కి స్కానర్ తెరిచింది, నిమిషం లోపే తిరిగొచ్చింది, అప్‌లోడ్ అయింది. రెండో జవాబు మూడు పేజీలు. 10:58కి స్కానర్ తెరిచింది. ఒక పేజీ మసగ్గా వస్తే మళ్లీ తీసింది. 11:01కి పరీక్ష యాప్‌లోకి తిరిగొచ్చేసరికి "కనెక్షన్ పోయింది, మళ్లీ లాగిన్ అవ్వండి" అని ఉంది. ఓటీపీ, ముఖం ఫోటో, అన్నీ అయ్యేసరికి 11:04. మూడో జవాబు రెండు పేజీలు. 11:19కి స్కానర్, 11:21కి మళ్లీ అదే మాట. ఈసారి లాగిన్ అయ్యాక కంగారులో పీడీఎఫ్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఇంకోసారి స్కానర్‌లోకి వెళ్లింది. మళ్లీ తెగింది. ఈలోపు పదకొండున్నర అయింది.

కాగితం మీద ఇలా రాసుకున్నాక కళ్లకి కట్టినట్టు కనపడింది. పరీక్ష యాప్ తెర మీద ఉన్నంతసేపూ కనెక్షన్ నిక్షేపంగా ఉంది. పాప స్కానర్‌లోకి వెళ్లి కాసేపు ఉన్నప్పుడే పోయింది. ఒక పేజీ స్కాన్‌కి పోలేదు, రెండు మూడు పేజీలకి పోయింది. సిగ్నల్ బాగాలేకపోతే ఇంత పద్ధతిగా తెగదు. ఆబ్జెక్టివ్ రాస్తున్నప్పుడూ తెగాలి, ఒక పేజీ స్కాన్‌కీ తెగాలి.

అప్పుడు ప్రాక్టీస్ టెస్ట్ తెరిపించాను. తెర ఆరిపోకుండా పెట్టి, ఏమీ ముట్టుకోకుండా పది నిమిషాలు వదిలేశాం. తెగలేదు. స్కానర్‌లోకి వెళ్లి అర నిమిషంలో వచ్చాం. తెగలేదు. నిమిషం దాటాక వచ్చాం. తెగింది. ఇంకోసారి చేసినా అంతే.

ఇక చూడాల్సింది ఒక్కటే. Settings లో Network & internet లోకి వెళ్లి Data Saver నొక్కితే, ఆన్‌లో ఉంది.

ముందున్న యాప్, వెనక్కి పోయిన యాప్

ఆండ్రాయిడ్‌లో ఈ సెట్టింగ్ 2016లో వచ్చిన 7వ వెర్షన్ నుంచి ఉంది. దీని పని చాలా సూటిగా ఉంటుంది. తెర మీద మీ కళ్ల ముందున్న యాప్‌కి డేటా ఇస్తుంది. మీరు వేరే యాప్ తెరవగానే వెనక్కి పోయినదానికి డేటా ఆపేస్తుంది. మీరు చూడని యాప్‌లు చాటున డేటా తినకుండా ఆపడమే దీని ఉద్దేశం.

ఇప్పుడు పరీక్ష యాప్ సంగతి. ఇలాంటి యాప్‌లు కొన్ని సెకన్లకోసారి "నేనున్నాను" అని సర్వర్‌కి చిన్న సందేశం పంపుతుంటాయి, క్లాసులో హాజరు పలికినట్టు. కొంతసేపు ఆ పలుకు రాకపోతే సర్వర్ ఆ విద్యార్థి వెళ్లిపోయిందనుకుని సెషన్ మూసేస్తుంది. మేం చేసి చూసినదాన్ని బట్టి ఈ యాప్‌లో ఆ గడువు ఒక నిమిషం దగ్గర్లో ఉంది. పాప స్కానర్ తెరవగానే పరీక్ష యాప్ వెనక్కి పోయింది, డేటా సేవర్ దాని నోరు నొక్కింది, నిమిషం తర్వాత సర్వర్ తలుపేసింది. ఫోన్‌కి నాలుగు గీతల సిగ్నల్ ఉంది. స్కానర్‌కి నెట్ కావాలంటే వచ్చేది. పరీక్ష యాప్‌కి ఒక్కదానికే లేదు.

స్పీడ్ టెస్ట్ ఎందుకు మోసం చేసిందో కూడా దీంతో తెలిసిపోతుంది. స్పీడ్ టెస్ట్ పెట్టినప్పుడు ఆ యాపే తెర మీద ఉంటుంది, డేటా సేవర్ దాని జోలికి పోదు. ఎన్నిసార్లు చేసినా స్పీడ్ బాగానే వస్తుంది. ఈ రకం జబ్బుకి ఆ పరీక్షతో ఫలితం ఉండదు.

మరి ఓనరమ్మ హాట్‌స్పాట్ మీద ఎందుకు తెగింది, మా ఇంటి వైఫై మీద ఎందుకు తెగలేదు? నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఇదే. డేటా సేవర్ అన్ని నెట్‌ల మీదా పనిచేయదు. లెక్క కట్టి డబ్బు తీసుకునే నెట్ అని ఫోన్ అనుకున్నదాని మీదే పనిచేస్తుంది. సిమ్ డేటాని ఫోన్ మామూలుగా అలాగే లెక్కేస్తుంది. ఇంటి వైఫైని అలా లెక్కెయ్యదు. హాట్‌స్పాట్ కూడా చూడ్డానికి వైఫైయే. కానీ ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఇంకో ఆండ్రాయిడ్ ఫోన్‌కి హాట్‌స్పాట్ ఇచ్చినప్పుడు, ఇది సిమ్ డేటాయేనని కనెక్షన్ కుదిరేటప్పుడే చెప్పేస్తుంది. అందుకని హాట్‌స్పాట్ మీద కూడా డేటా సేవర్ తన పని తాను చేసింది. రెండు కంపెనీల నెట్‌వర్క్‌లూ బాగాలేవని వాళ్లు అనుకున్నారు. నిజానికి రెండుసార్లూ అడ్డుపడింది పాప ఫోనే.

సెట్టింగ్ ఆపేయడం తేలిక. కానీ మేం దాన్ని ఆపలేదు. అదే పేజీలో Unrestricted data అని ఉంటుంది. దాంట్లోకి వెళ్లి పరీక్ష యాప్ ఒక్కదానికి అనుమతి ఇచ్చాం. మిగతా యాప్‌లన్నీ ఎప్పటిలా అదుపులోనే ఉంటాయి. పరీక్ష యాప్‌లో కాకుండా బ్రౌజర్‌లో జరిగితే ఆ బ్రౌజర్‌కి అనుమతి ఇవ్వాలి. కొన్ని కంపెనీల ఫోన్లలో పేర్లూ చోట్లూ మారతాయి. సెట్టింగ్స్ పైన వెతికే గడిలో data saver అని కొడితే చాలావాటిలో దొరుకుతుంది. మళ్లీ ప్రాక్టీస్ టెస్ట్ తెరిచి, స్కానర్‌లో అయిదు నిమిషాలు ఉండి వచ్చాం. తెగలేదు.

ఆన్ చేసిందెవరు

పాపకి తెలియదు. మా బావకి ఫోన్ చేస్తే తెలిసింది. ఆ ఫోన్ ఇంతకుముందు పాకాలలో ఇంట్లో ఉండేది. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. చిన్నోడు వీడియోలు చూసేవాడు, బావకి ఆటో కిరాయిల ఫోన్లూ మెసేజీలూ దాంట్లోనే. సాయంత్రానికల్లా డేటా అయిపోయేది. "రీచార్జి అంగడి అబ్బాయికి చెప్తే ఏదో పెట్టి ఇచ్చినాడమ్మా. దాని తర్వాత రాత్రి దాకా వస్తా ఉండె" అన్నాడు బావ.

ఆయన చేసింది సరైన పనే. ఆ ఇంట్లో డేటా డబ్బుతో సమానం. అంగడి అబ్బాయి ఇచ్చిన సలహా కూడా మంచిదే, ఫలితం కూడా కనపడింది. ఆ తర్వాత ఫోన్ పాప చేతికి వచ్చింది, దానితో పాటు ఆ సెట్టింగూ వచ్చింది. ఇందులో తప్పు చేసినవాళ్లు ఎవరూ నాకు కనపడటం లేదు. "విద్యార్థి ముందే చూసుకోవాల్సింది" అని ఎవరైనా అంటే, దేన్ని చూసుకోవాలి అని అడుగుతాను. సూచనల్లో డేటా సేవర్ అన్న మాటే లేదు. ఆన్‌లో ఉంటే చాలా ఫోన్లలో పైన బ్యాటరీ గుర్తు పక్కన ఒక చిన్న గుర్తు కనపడుతుంది. దాని అర్థం తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు?

పరీక్షల విభాగం చెప్పిన మాట

మేం టైములన్నీ రాసి, ఓటీపీల స్క్రీన్‌షాట్లు జతచేసి మెయిల్ పెట్టాం. రెండు రోజులకి ఒకాయన ఫోన్ చేశారు. మర్యాదగానే మాట్లాడారు. ఆయన వాదన ఇది: "మేడం, యాప్ వదిలి బయటికి వెళ్లడమే మాకు అనుమానం. కొందరు గూగుల్‌లో వెతకడానికి వెళ్తారు. మాకు లాగ్‌లో రెండూ ఒకేలా కనపడతాయి. అందర్నీ నమ్మితే పరీక్షకి విలువేముంది?"

ఈ మాటని నేను తేలిగ్గా తీసెయ్యను. కాపీ కొట్టేవాళ్లు ఉన్నారు. పుస్తకం ముట్టుకోకుండా కష్టపడి రాసిన మా పాప లాంటి పిల్లలకి వాళ్ల వల్ల అన్యాయమే. కానీ ఆయన చెప్పిన మాటలోనే జవాబుంది. లాగ్‌లో రెండూ ఒకేలా కనపడుతున్నప్పుడు, అందులో ఒకదాన్ని ఎంచుకుని అదే జరిగిందని రాయడానికి ఆధారమేంటి? సర్వర్‌కి తెలిసింది ఒక్కటే, నిమిషం పాటు ఫోన్ పలకలేదు. పిల్ల గూగుల్‌లోకి వెళ్లినా, కాగితం ఫోటో తీస్తున్నా, బ్యాటరీ అయిపోయినా, డేటా సేవర్ ఆపినా సర్వర్‌కి కనపడేది ఆ మౌనమే. "పలకలేదు" అని రాస్తే అది నిజం. "వదిలి వెళ్లింది" అని రాస్తే అది ఊహ.

పైగా యాప్ వదిలి బయటికి వెళ్లమన్నది వాళ్లే. స్కానర్ వాడమన్నారు, స్కానర్ తెరిస్తే అనుమానం అన్నారు. రెండూ ఒకేచోట నిలవవు. పరీక్ష యాప్‌లోనే కెమెరా పెట్టి, పేజీ ఫోటో అక్కడే తీసే ఏర్పాటు చేస్తే యాప్ వెనక్కి పోదు, డేటా సేవర్ అడ్డం రాదు. బయటికి వెళ్లాల్సిన పనే ఉండదు కాబట్టి అప్పుడు వెళ్లినవాళ్ల మీద అనుమానపడటానికి కూడా ఒక అర్థం ఉంటుంది.

అంత పని ఇప్పుడు చేయలేకపోతే ఇంకో చిన్న దారి ఉంది. డేటా సేవర్ తన మీద పనిచేస్తోందా లేదా అని యాప్ నేరుగా ఆండ్రాయిడ్‌ని అడగొచ్చు. ఆ సెట్టింగ్ వచ్చినప్పుడే డెవలపర్ల కోసం ఈ సౌకర్యం కూడా ఇచ్చారు. అనుమతి ఇచ్చే పేజీని విద్యార్థికి నేరుగా తెరిచి చూపించే వీలు కూడా ఉంది. పరీక్ష మొదలయ్యే ముందు ఈ యాప్ కెమెరా పనిచేస్తోందా, మైకు పనిచేస్తోందా అని ఎలాగూ చూస్తోంది. ఆ వరసలో ఇంకో ప్రశ్న చేరుతుంది, అంతే. ఫోన్లు రకరకాలు, అన్నీ పరీక్షించలేం అని ఆయన అన్నారు. ఏదో ఒక కంపెనీ ఫోన్‌లో ఉన్న తిక్క అయితే ఆ మాట ఒప్పుకునేదాన్ని. ఇది ఆండ్రాయిడ్‌లోనే ఉన్న సెట్టింగ్.

నా వాదనకి కూడా ఒక హద్దుంది. ప్రతి కట్‌కీ కారణం డేటా సేవర్ కాదు. యాప్ తెర మీద ఉండగానే తెగితే, వేరే యాప్‌లు కూడా లోడ్ కాకపోతే, అది సిగ్నలే, లేదంటే ఆ రోజు డేటా అయిపోయి స్పీడ్ పడిపోయింది. వెనక్కి పోయినప్పుడే తెగుతోంది కానీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద కూడా తెగుతోంది అంటే, బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉందేమో చూడాలి. అది వైఫై మీద కూడా వెనకున్న యాప్‌ని ఆపగలదు. ఇంకొకటి, తిరిగి వచ్చినప్పుడు అదే పేజీ ఉండి కనెక్షన్ పోయిందని చెబితే అది డేటా గొడవ. అలా కాకుండా యాప్ లోగో నుంచి మళ్లీ మొదలైతే, కెమెరాకి ర్యామ్ చాలక ఫోన్ యాప్‌ని మొత్తంగా మూసేసిందని అర్థం. దానికి ఏ డేటా సెట్టింగూ పనికిరాదు.

ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే, పాప మేం చేసిన పనంతా తెలుగులో టైప్ చేసి క్లాసు గ్రూపులో పెట్టింది. ఇద్దరి ఫోన్లలో డేటా సేవర్ ఆన్‌లో ఉన్నట్టు బయటపడింది, అనుమతి ఇచ్చాక సరిపోయింది. పుత్తూరు నుంచి రాసే ఒక అబ్బాయికి మాత్రం ఆఫ్‌లోనే ఉంది, అయినా తెగుతోంది. వీడియో కాల్‌లో చూశాను. స్కానర్ నుంచి వెనక్కి రాగానే యాప్ లోగో నుంచి మొదలవుతోంది. రెండు జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్. అనవసరమైన యాప్‌లు తీసేయించాను, తేలికైన స్కానర్ పెట్టించాను, కొంత నయం అయింది కానీ పూర్తిగా పోలేదు. ఆ అబ్బాయి తన వైపు నుంచి చేయగలిగింది ఇంకేమీ లేదు. యాప్‌లోనే కెమెరా పెడితే తప్ప అతని పరీక్ష సాఫీగా జరగదు, ఆ పని చేయగలిగింది కాలేజీ ఒక్కటే.

పాప రెండో పేపర్ ఒక్క కట్ కూడా లేకుండా రాసింది. మొదటి పేపర్‌లో అప్‌లోడ్ అయిన రెండు జవాబులూ దిద్దుతామన్నారు. మూడోదాని పీడీఎఫ్ 11:21కే తయారైందని ఫైల్ మీద టైము చూపించి, దాన్ని కూడా తీసుకోమని మళ్లీ రాశాం. అదే మెయిల్‌లో పుత్తూరు అబ్బాయి సంగతి కూడా వివరంగా రాసి, మూడో పేపర్‌కి ముందు సూచనల్లో ఆ రెండో వాక్యం తీసేయమనీ, పరీక్ష యాప్‌కి Unrestricted data ఎలా ఇవ్వాలో ఫోటోలతో పెట్టమనీ అడిగాం.